పెళ్లి వీడియో సైజు తగ్గించాలంటే హెచ్.264, హెచ్.265, ఏవీ1 లో ఏది మీకు పనికొస్తుంది

మూడు గంటల పెళ్లి వీడియో, ఫుల్ హెచ్‌డీ, వీడియోగ్రాఫర్ హార్డ్ డిస్క్‌లో వేసిచ్చిన ఫైల్ 27 జీబీ. చాలా ఇళ్లల్లో ఇలాంటి ఫైలే ఉంటుంది. 20 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో, అంటే సెకనుకి 20 మెగాబిట్లతో, ఎక్స్‌పోర్ట్ చేస్తే అంతే వస్తుంది, 20 ని 10,800 సెకన్లతో గుణించి 8 తో భాగిస్తే 27,000 ఎంబీ. ఇది డ్రైవ్‌లో పెట్టి అమెరికాలో ఉన్న అన్నయ్యకి లింక్ పంపాలన్నా, అత్తగారింట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలన్నా బరువే. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, హెచ్.265 లోకి మార్చు సగమైపోద్ది, ఏవీ1 లోకి మార్చు ఇంకా తగ్గిపోద్ది అని. మాట అబద్ధం కాదు, కానీ ఏ క్వాలిటీ దగ్గర సగం, ఏ సీన్‌లో సగం, ఎవరి టీవీలో ఆడుతుంది అన్నవి వదిలేసి చెప్పే మాట అది. ఇక్కడ ఆ మూడే చూద్దాం.

ఈ మూడూ కోడెక్‌లు, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతులు. ముందు వీటి వయసులు. హెచ్.264 ది 2003, హెచ్.265 ది 2013, ఏవీ1 ది 2018. దీని తర్వాత 2020 లో హెచ్.266 కూడా వచ్చింది కానీ ఇంట్లో వాడే టీవీలు ఫోన్లు దాదాపు ఏవీ దాన్ని ఆడించవు కాబట్టి దాన్ని ఇప్పటికి పక్కన పెట్టేయండి. ఫైల్ ప్రాపర్టీస్‌లో హెచ్.264 కి `AVC` అనీ, హెచ్.265 కి `HEVC` అనీ కనిపించొచ్చు, పేరు వేరైనా కోడెక్ అదే, కంగారు పడకండి.

కొత్త కోడెక్ ఎక్కడ మిగులుస్తుందో అర్థమైతే మిగతాదంతా తేలిక. వీడియోలో ప్రతి ఫ్రేమ్‌నీ మొత్తంగా దాచరు, ముందు ఫ్రేమ్‌లో ఉన్న ముక్క ఈ ఫ్రేమ్‌లో ఎటు జరిగింది, ఎంత మారింది అన్నది మాత్రమే దాస్తారు. హెచ్.264 ఫ్రేమ్‌ని 16 బై 16 పిక్సెల్ ముక్కలుగా చూస్తుంది, హెచ్.265 లో ఆ ముక్క 64 బై 64 దాకా వెళ్తుంది, ఏవీ1 లో 128 బై 128 దాకా. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి పంతులు గారు మంత్రం చదువుతుంటే వెనక మండపం డెకరేషన్ గంటసేపు కదలదు కదా, అలాంటి చోట అంత పెద్ద ముక్కకి "ముందు ఫ్రేమ్‌లో ఉన్నదే" అని ఒక్కమాట రాసి వదిలేస్తే చాలు. పాత కోడెక్ అదే మాట 64 సార్లు రాయాలి. అందుకే కదలని సీన్లలో కొత్తవి బాగా గెలుస్తాయి.

ఇప్పుడు తలంబ్రాల సీన్ తీసుకోండి. వందలకొద్దీ బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి, ప్రతి ఫ్రేమ్‌లో కొత్త చోట, పైనుంచి కాన్ఫెట్టీ కూడా పేల్చితే ఇంక చెప్పక్కర్లేదు. ముందు ఫ్రేమ్‌లో వెతికితే దొరికేది ఏమీ ఉండదు, పెద్ద ముక్కలు పనికిరావు, ప్రతి కోడెక్కూ చిన్న చిన్న ముక్కలుగా కోసి దాదాపు కొత్తగా రాయాల్సిందే. ఇక్కడ కొత్త కోడెక్ లాభం బాగా కరిగిపోతుంది. పట్టుచీర జరీ, చీకటి రిసెప్షన్‌లో కెమెరా నాయిస్ అంటే బొమ్మ మీద కదిలే సన్న చుక్కలు, ఇవి కూడా ఇదే కోవ.

ఇంకోటి, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. లాభం మీరు అడిగే క్వాలిటీ మీద కూడా ఆధారపడుతుంది. ఎలాగోలా చూడగలిగితే చాలు అనుకుని బిట్‌రేట్ బాగా తొక్కేస్తే, హెచ్.264 ముక్కలు ముక్కలుగా పగిలిపోతుంటే కొత్తవి ఇంకా నున్నగా నిలబడతాయి, అక్కడ తేడా చాలా పెద్దది. అదే ఒరిజినల్‌కీ దీనికీ తేడా కనపడకూడదు అని పైస్థాయిలో అడిగితే ఆ తేడా తగ్గుతుంది, ఎందుకంటే ఆ స్థాయిలో దాచాల్సింది నాయిసూ సన్న వివరాలే, వాటిని ఊహించడం ఎవరికీ చేతకాదు. పెళ్లి వీడియోకి మనం అడిగేది రెండోదే. కాబట్టి "సగం" అన్న మాటని గ్యారంటీగా పట్టుకోకండి.

పోల్చేటప్పుడు అందరూ పడే గొయ్యి సీఆర్ఎఫ్ నంబర్. సీఆర్ఎఫ్ అంటే క్వాలిటీ ఇంత ఉండాలి, సైజు ఎంతైనా రానీ అని చెప్పే సెట్టింగ్, నంబర్ తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది. పెళ్లి వీడియోకి ఇదే సరైన పద్ధతి, తలంబ్రాల దగ్గర ఎక్కువ బిట్లు ఇస్తుంది మంత్రాల దగ్గర తక్కువ ఇస్తుంది, అదే మీరు ఫిక్స్‌డ్ బిట్‌రేట్ పెడితే మంత్రాల దగ్గర వృథా, తలంబ్రాల దగ్గర చాలదు. కానీ మూడిట్లో సీఆర్ఎఫ్ 23 పెట్టి ఇదిగో ఏది చిన్నదో చూడండి అంటే ఆ పోలికకి అర్థమే లేదు. ఆయా కోడెక్‌లలోకి మార్చే ఎన్‌కోడర్లు చూస్తే ఎక్స్264 డీఫాల్ట్ 23, ఎక్స్265 డీఫాల్ట్ 28, ఎస్‌వీటీ ఏవీ1 డీఫాల్ట్ 35, పైగా దాని స్కేలు 63 దాకా ఉంటుంది, మిగతా రెండిటికీ 51 వరకే. ఒకదాని 23 కీ ఇంకోదాని 23 కీ సంబంధం లేదు. ముందు క్వాలిటీ సమానం చేయాలి, ఆ తర్వాతే సైజు చూడాలి, వరస తిరగేస్తే లెక్క తప్పుతుంది.

సమానం చేయడం ఎలాగంటే, మొత్తం వీడియో మీద కాదు, ముక్కల మీద. 40 సెకన్ల ముక్కలు మూడు తీసుకోండి: తలంబ్రాలు ఒకటి, మంత్రాలు చదివే ప్రశాంతమైన సీన్ ఒకటి, రిసెప్షన్‌లో స్టేజి వెనక చీకటిగా నీలం ఊదా లైట్లు కలిసిపోయే సీన్ ఒకటి. ముక్కని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్‌లతో నడిచే ప్రోగ్రామ్‌తో నష్టం లేకుండా కోయాలి, 00:42:00 బదులు మీ సీన్ మొదలయ్యే టైమ్ పెట్టండి:

```
ffmpeg -ss 00:42:00 -i pelli.mp4 -t 40 -an -c:v libx264 -qp 0 -preset ultrafast ref.mp4
```

ఇది ఒరిజినల్ కంటే చాలా పెద్దగా వస్తుంది, భయపడకండి, కొలతకే కదా, తర్వాత తీసేయొచ్చు. ఈ ముక్క నుంచే మూడు వెర్షన్లు చేయండి:

```
ffmpeg -i ref.mp4 -c:v libx264 -preset slow -crf 20 -pix_fmt yuv420p t264.mp4
ffmpeg -i ref.mp4 -c:v libx265 -preset slow -crf 22 -pix_fmt yuv420p10le t265.mp4
ffmpeg -i ref.mp4 -c:v libsvtav1 -preset 5 -crf 30 -pix_fmt yuv420p10le tav1.mp4
```

20, 22, 30 అన్నవి మొదలుపెట్టడానికి మాత్రమే, అక్కడి నుంచి పైకీ కిందికీ జరపాలి. కొత్త రెండిటికీ 10 బిట్, అంటే రంగుకి ఎక్కువ మెట్లు, ఎందుకు పెట్టానంటే, కెమెరా ఫైల్ 8 బిట్టే అయినా 10 బిట్‌లో ఎన్‌కోడ్ చేస్తే స్టేజి వెనక లైట్ల మసకలో పట్టీలు పట్టీలుగా చీలిపోవడం తగ్గుతుంది, సైజు పెద్దగా పెరగదు. హెచ్.264 కి మాత్రం 10 బిట్ పెట్టకండి, దాన్ని టీవీలూ ఫోన్లూ దాదాపు ఆడించవు, అందరి దగ్గరా ఆడుతుందనే కదా హెచ్.264 ఎంచుకునేది.

ఇప్పుడు కొలత. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 2016 లో ఓపెన్‌సోర్స్ చేసిన వీమాఫ్ అనే కొలబద్ద ఉంది, ఒరిజినల్‌నీ మార్చినదాన్నీ పక్కపక్కన పెట్టి 100 కి మార్కులు వేస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫుల్ బిల్డ్‌లో ఇది కలిసే వస్తుంది, లేకపోతే ఫిల్టర్ దొరకలేదు అని ఎర్రర్ చూపిస్తుంది.

```
ffmpeg -i tav1.mp4 -i ref.mp4 -lavfi "[0:v]setpts=PTS-STARTPTS,format=yuv420p10le[a];[1:v]setpts=PTS-STARTPTS,format=yuv420p10le[b];[a][b]libvmaf=log_fmt=json:log_path=av1.json" -f null -
```

మార్చిన ఫైల్ ముందు, ఒరిజినల్ తర్వాత, ఈ వరస ముఖ్యం. బాగానే కనిపిస్తున్న వీడియోకి మార్కులు 30, 40 వస్తే క్వాలిటీ పోయిందని కాదు, ఫ్రేములు ఒకదానికొకటి సరిపోవట్లేదని, ముందు అది సరిచూసుకోండి. మూడు కోడెక్‌లకీ ఒకే మార్కు, 95 దగ్గర అనుకుందాం, వచ్చేదాకా సీఆర్ఎఫ్ జరపండి, అర మార్కు అటూఇటూ అయితే చాలు.

మార్కుల్లో సగటు ఒక్కటే చూసి ఊరుకోకండి. లాగ్ ఫైల్ చివర `mean` తో పాటు `min` కూడా ఉంటుంది. సగటు 95 ఉండి `min` 70 ఉంటే ఎక్కడో కొన్ని ఫ్రేములు బాగా చెడ్డాయి, అది చాలావరకు తలంబ్రాలు గుప్పున పడే క్షణమో ఫ్లాష్‌లు వరసగా వెలిగే క్షణమో అయ్యుంటుంది, అదే కదా అందరూ ఆపి చూసుకునే ఫ్రేము. ఇంకా, పట్టీలు చీలే సమస్యని వీమాఫ్ సరిగ్గా పట్టుకోదు, దానికి నెట్‌ఫ్లిక్స్ వాళ్లే విడిగా ఇంకో కొలత తయారుచేసుకోవాల్సొచ్చింది. అలాగే ఎక్స్264, ఎక్స్265 రెండూ కంటికి పదునుగా కనపడ్డం కోసం కావాలనే కొంచెం నాయిస్ లాంటి వివరం ఉంచుతాయి, కంటికి అది బాగుంటుంది కానీ కొలతలో మార్కులు తగ్గుతాయి. అందుకే మార్కులతో దగ్గరికి తెచ్చుకుని చివరి తీర్పు కళ్లకే వదలాలి. పెద్ద స్క్రీన్ మీద ఆపి రెండు చోట్ల చూడండి: పెళ్లికూతురి చీర అంచులో జరీ గళ్లు విడివిడిగా ఉన్నాయా లేక ఒకటే బంగారు రంగు పూతలా అయిపోయాయా, బుగ్గల మీద చర్మం చర్మంలా ఉందా మైనం పూసినట్టుందా. ఎక్స్265 లో జరీ పూతలా అనిపిస్తే `-x265-params sao=0` పెట్టి మళ్లీ చూడండి, ఆ ఫిల్టర్ అంచుల్ని నునుపు చేసే క్రమంలో సన్న వివరాన్ని కూడా తుడిచేస్తుంటుంది.

లెక్క ఎలా వేయాలో చూపించడానికి ఒక ఉదాహరణ వేస్తా, అంకెలు ఊహించుకున్నవి, మీ వీడియోకి మీవి వస్తాయి. క్వాలిటీ సమానం చేశాక, 40 సెకన్ల తలంబ్రాల ముక్క హెచ్.264 లో 60 ఎంబీ, హెచ్.265 లో 46, ఏవీ1 లో 42 వచ్చాయనుకోండి. మంత్రాల ముక్క 20, 12, 9 ఎంబీ వచ్చాయనుకోండి. మూడు గంటల్లో తలంబ్రాల లాంటి గందరగోళం 10 నిమిషాలు, మిగతా 170 నిమిషాలు నెమ్మది సీన్లు. హెచ్.264 లో గందరగోళం 900 ఎంబీ, నెమ్మది 5,100 ఎంబీ, కలిపి 6 జీబీ. హెచ్.265 లో 690 ప్లస్ 3,060, అంటే 3.75 జీబీ. ఏవీ1 లో 630 ప్లస్ 2,295, అంటే దాదాపు 2.9 జీబీ.

ఇక్కడ ఆగి చూడండి. 27 జీబీ నుంచి 6 కి తెచ్చింది ఎవరు? పాత హెచ్.264 నే. స్టూడియోలో అన్ని సీన్లకీ ఒకటే 20 ఎంబీపీఎస్ పెట్టి ఎక్స్‌పోర్ట్ కొట్టేశారు కాబట్టి అందులో కదలని సీన్లకి పోసిన బిట్లు చాలావరకు దండగ, సీఆర్ఎఫ్ పెట్టగానే ఆ దండగ పోయింది. కొత్త కోడెక్ నిజంగా మిగిల్చింది 6 నుంచి 3.75 కో 2.9 కో. అది కూడా తక్కువేం కాదు, కానీ 27 జీబీ ఫైల్‌ని 2.9 చేసి "చూశావా ఏవీ1 మహత్యం" అనడం న్యాయం కాదు, అందులో ఎక్కువ భాగం ఎన్‌కోడింగ్ పద్ధతిది. ఎవరైనా మీకు పాత ఫైల్ సైజు, కొత్త ఫైల్ సైజు రెండే చూపించి పోలిక అంటే, పాత కోడెక్‌లోనే మళ్లీ సరిగ్గా ఎన్‌కోడ్ చేస్తే ఎంత వస్తుందో అడగండి.

ఇప్పుడు అసలు ఎంపిక, ఇది సైజు కంటే ఎక్కువగా ఎక్కడ ఆడాలి అన్నదాని మీద ఉంటుంది. పెన్‌డ్రైవ్ చుట్టాలిళ్లకి తిరుగుతుంది, ఎవరి టీవీ ఏదో తెలీదు అంటే హెచ్.264, 8 బిట్, ఇంక ఆలోచించకండి. 6 జీబీ అయినా పదేళ్ల కిందటి టీవీలో కూడా ఆడే అవకాశం దానికే ఎక్కువ. ఫైల్ 4 జీబీ దాటింది కాబట్టి పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే కాపీ అవ్వదు, ఎక్స్‌ఫ్యాట్ చేయండి, మరీ పాత టీవీ అది కూడా చదవకపోతే వీడియోని రెండు మూడు భాగాలు చేసి ఫ్యాట్32 లోనే వేయండి.

మీ ఇంట్లో 4కే టీవీ ఉంది, ఈమధ్య ఫోన్లే ఉన్నాయి అంటే హెచ్.265. 4కే టీవీల్లో ఓటీటీ కోసమైనా ఇది ఉండాల్సిందే కాబట్టి దాదాపు అన్నీ ఆడిస్తాయి. ఐఫోన్లలో 2017 లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచీ ఉంది, కాకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో చేసినప్పుడు `-tag:v hvc1` పెట్టకపోతే ఐఫోన్, మ్యాక్ సొంత ప్లేయర్లు ఫైల్ బాగున్నా తెరవవు, చాలామంది ఇక్కడే ఫైల్ పాడైందనుకుని మళ్లీ రాత్రంతా ఎన్‌కోడ్ చేస్తారు. విండోస్‌లో మామూలు ప్లేయర్ స్టోర్ నుంచి ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటుంది, వీఎల్‌సీ ఉంటే ఆ గొడవ లేదు.

ఏవీ1 ఎవరికంటే, డ్రైవ్‌లో ఏళ్లతరబడి నెలనెలా డబ్బు కట్టి దాచుకునేవాళ్లకి, కంప్యూటర్‌లోనో కొత్త ఫోన్‌లోనో చూసేవాళ్లకి. రాయల్టీ కట్టక్కర్లేని కోడెక్ కాబట్టి బ్రౌజర్లు దీన్ని త్వరగా తీసుకున్నాయి. కానీ హార్డ్‌వేర్ సంగతి డబ్బా మీద 4కే అని చూసి నమ్మడానికి లేదు. 2020 నాటి గూగుల్ టీవీ క్రోమ్‌కాస్ట్ 4కే ది ఏవీ1 ఆడించదు, 2022 లో వచ్చిన దాని చవక హెచ్‌డీ మోడల్ ఆడిస్తుంది. ఐఫోన్లలో 15 ప్రో నుంచే హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది, మామూలు 15 లో లేదు. లేని ఫోన్‌లో వీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌తో ఆడిస్తుంది కానీ మూడు గంటల వీడియోకి ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగుతుంది. టీవీలో యూట్యూబ్ యాప్ ఏవీ1 ఆడిస్తున్నా అదే టీవీ పెన్‌డ్రైవ్ ప్లేయర్ ఒక్కోసారి ఆడించదు. గుర్తు తేలికే, మాట వినిపిస్తుంది బొమ్మ రాదు, అంటే కోడెక్ తెలీలేదని. బొమ్మ వచ్చి ఆగి ఆగి నడుస్తూ మాటకీ పెదాలకీ పొంతన లేకపోతే, కోడెక్ తెలుసు కానీ బలం చాలట్లేదని. అందుకే మొత్తం ఎన్‌కోడ్ పెట్టే ముందు ఆ 40 సెకన్ల తలంబ్రాల ముక్క మార్చిన వెర్షన్‌నే పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ టీవీలోనే ఆడించి చూడండి, 10 బిట్‌తో సహా, ఆ ముక్కలో మాట ఉండదు కాబట్టి బొమ్మ వస్తుందా, ఆగకుండా నడుస్తుందా అన్నదే చూడండి, పాత టీవీలు కొన్ని హెచ్.265 లో 8 బిట్ ఆడించి 10 బిట్ దగ్గర ఆగిపోతాయి.

టైమ్ గురించి. ప్రీసెట్ అంటే ఎంత నిదానంగా, ఎంత శ్రద్ధగా పిండాలో చెప్పే సెట్టింగ్. ఎక్స్265 స్లో ప్రీసెట్ మామూలు ల్యాప్‌టాప్‌లో మూడు గంటల వీడియోకి రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు, ఏవీ1 నిదానం అన్న పేరు మొదట్లో వచ్చిన ఎన్‌కోడర్ వల్ల పడింది కానీ ఎస్‌వీటీ ప్రీసెట్ 5, 6 దగ్గర ఎక్స్265 స్లోతో పోల్చదగ్గ వేగమే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డ్‌తో చేస్తే నిమిషాల్లో అయిపోతుంది, నిజమే, కానీ అదే క్వాలిటీకి సాఫ్ట్‌వేర్ స్లో ప్రీసెట్ కంటే ఫైల్ పెద్దగా వస్తుంది, అంటే కొత్త కోడెక్ మిగిల్చిన దాంట్లో కొంత అక్కడే ఖర్చైపోతుంది. రోజూ స్క్రీన్ రికార్డింగ్‌లు చేసేవాళ్లకి కార్డ్ మేలు, ఒక్కసారి చేసి ముప్పై ఏళ్లు దాచుకునే పెళ్లి వీడియోకి మాత్రం రాత్రంతా తిరగనివ్వండి.

ఏవీ1 లో ఫిల్మ్ గ్రెయిన్ అని ఒక సౌకర్యం ఉంది, నాయిస్‌ని తీసేసి, చూసేటప్పుడు అలాంటి నాయిస్‌నే ప్లేయర్ మళ్లీ చల్లుతుంది, బిట్లు బాగా మిగులుతాయి. చీకటి రిసెప్షన్ సీన్‌కి బాగుంటుంది కానీ నాయిస్ తీసేటప్పుడు జరీ కూడా నాయిసే అనుకుని తీసేసే ప్రమాదం ఉంది, పైగా వీమాఫ్ మార్కులు కూడా తప్పుదారి పట్టిస్తాయి, కాబట్టి పెళ్లి వీడియోకి నేనైతే వాడను.

మొత్తం ఫైల్‌కి హెచ్.265 ఎంచుకుంటే కమాండ్ ఇంతే, 22 బదులు మీరు కొలిచి తేల్చుకున్న నంబర్ పెట్టండి, ఆడియోని ముట్టుకోవద్దు, అలాగే కాపీ అవ్వనివ్వండి:

```
ffmpeg -i pelli.mp4 -c:v libx265 -preset slow -crf 22 -pix_fmt yuv420p10le -tag:v hvc1 -c:a copy pelli_265.mp4
```

కొన్ని ఫైళ్లని మాత్రం అసలు మార్చకండి. వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పులు ఇప్పటికే పిండేసినవి, వాటిని కొత్త కోడెక్‌లోకి మారిస్తే ఆ మచ్చల్ని కూడా శ్రద్ధగా భద్రపరుస్తుంది తప్ప సైజు మిగిలేది ఉండదు. పాత పెళ్లిళ్ల డీవీడీలు కూడా అంతే, డిస్క్‌కి 4 జీబీ చిల్లరే కదా, అలాగే కాపీ చేసి దాచేయండి. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఆ 27 జీబీదే అప్‌లోడ్ చేయండి, వాళ్లు ఎలాగూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు, మీరు పిండింది ఇస్తే రెండుసార్లు పిండినట్టవుతుంది. వాట్సాప్‌లో చిన్న ముక్క పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే అది తన లెక్కలో మళ్లీ నొక్కేస్తుంది. ఆ ఒరిజినల్ హార్డ్ డిస్క్‌ని మాత్రం కాపీ ఎంత బాగా వచ్చినా చెరపకండి, ఇంకో పదేళ్లకి ఇంకో కోడెక్ వస్తుంది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సింది ఆ 27 జీబీ నుంచే, 2.9 నుంచి కాదు.